ఎంత శాతం అని అడిగే ముందు: ఇంటర్న్‌షిప్ నివేదికలకు మార్కులు వేసే ఆచార్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో విద్యార్థుల ఇంటర్న్‌షిప్ నివేదికలను చదివి, మౌఖిక పరీక్ష జరిపి, మార్కులు వేసే గౌరవనీయులైన ఆచార్యులకు,

మెషీన్ లెర్నింగ్‌లో తొలి ఇంటర్న్‌షిప్ ముగించుకుని వచ్చిన విద్యార్థిని మౌఖిక పరీక్షలో ముందుగా అడిగే ప్రశ్న తరచుగా ఒక్కటే: మోడల్‌కు అక్యురసీ ఎంత వచ్చింది? డెబ్బై నాలుగు శాతం అని చెప్పినవారి ముఖాన నిరాశ, తొంభై అయిదు శాతం అని చెప్పినవారి ముఖాన ధీమా కనిపించడానికి కారణం ఆ ప్రశ్నే. ఒకే డేటా మీద పని చేసిన ఇద్దరిలో డెబ్బై నాలుగు చెప్పిన విద్యార్థి పని సక్రమమైనదీ, తొంభై అయిదు చెప్పిన విద్యార్థి పని పొరపాటుతో కూడినదీ కావచ్చునని, ఆ తేడాను నివేదికలోని నాలుగు అంకెలను కూడి చూసి కూడా కొన్నిసార్లు పట్టుకోవచ్చునని చూపడం ఈ లేఖ ఉద్దేశం. ఇందుకోసం ఒకే ఒక డేటాసెట్‌ను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడిపించడమే సరైన పద్ధతిగా తోచినందున, తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉన్న ఒకదాన్ని ఇక్కడ ఎంచుకోవడం జరిగింది.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖ నిర్వహించే డేటా భాండాగారంలో 2012 నుంచి ‘ఇండియన్ లివర్ పేషెంట్ డేటాసెట్’ అనే పట్టిక అందరికీ అందుబాటులో ఉన్నది. అందులోని వివరాలు ఆంధ్రప్రదేశ్ ఈశాన్య ప్రాంతం నుంచి సేకరించినవని దాని పరిచయ పత్రమే చెబుతున్నది. మొత్తం 583 వరసలున్న ఆ పట్టికలో ఒక్కో వరస ఒక్కో మనిషికి చెందినది; వయసు, స్త్రీ పురుష భేదం, మొత్తం బిలిరుబిన్, డైరెక్ట్ బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, మొత్తం ప్రొటీన్లు, ఆల్బుమిన్, ఆల్బుమిన్ గ్లోబ్యులిన్ నిష్పత్తి అనే పది కాలమ్‌లు ఆ మనిషి గురించి చెబుతాయి. పదకొండో కాలమ్‌లో ఆ వ్యక్తి కాలేయ రోగి అయితే 1 అనీ, కాకపోతే 2 అనీ నిపుణులు వేసిన గుర్తు ఉంటుంది. ఈ గుర్తునే లేబుల్ అంటారు. మొదటి పది కాలమ్‌లను చూసి పదకొండో దాన్ని ఊహించగల సూత్రాన్ని డేటా నుంచే రాబట్టడం మోడల్ పని. డేటా చిన్నది, రక్తపరీక్షల పేర్లు ఇంటింటా తెలిసినవి, పైగా మన ప్రాంతానిది కాబట్టి తొలి ప్రాజెక్టుకు విద్యార్థులు దీన్ని ఇష్టపడటంలో వింత లేదు.

ఆ 583 మందిలో లేబుల్ ప్రకారం 416 మంది కాలేయ రోగులు, 167 మంది కాని వారు. ఏ మోడల్‌నూ తయారు చేయకముందే గమనించవలసిన సంగతి ఇక్కడే ఉన్నది. రక్తపరీక్షల జోలికే పోకుండా, వచ్చిన ప్రతివారినీ ‘కాలేయ రోగి’ అని చెప్పి పంపించే ఒక యంత్రాన్ని ఊహిస్తే, అది 583 మందిలో 416 మంది విషయంలో సరిగ్గానే చెప్పినట్లవుతుంది. అక్యురసీ అంటే మొత్తం ఊహల్లో సరైన ఊహల వంతు మాత్రమే కనుక, ఏమీ నేర్చుకోని ఆ యంత్రానికి కూడా 71.4 శాతం అక్యురసీ వస్తుంది. ఈ అంకెను బేస్‌లైన్ అంటారు; అంటే ఏ మోడల్ అయినా తన విలువ చూపించుకోవడానికి కొలత మొదలుపెట్టవలసిన గీత. ఎత్తు కొలిచేటప్పుడు మనిషి నిలబడిన అరుగు ఎత్తును మినహాయించినట్లే, ఈ డేటా మీద 74 శాతం సాధించిన మోడల్ నిజంగా సాధించినది సున్నా నుంచి 74 దాకా కాదు, 71.4 నుంచి 74 దాకా మాత్రమే. బేస్‌లైన్ చెప్పని నివేదికలో అక్యురసీ అంకె ఎంత పెద్దదైనా దానికి అర్థం చెప్పుకోవడం సాధ్యం కాదు. ఎందుకంటే మరో డేటాసెట్‌లో వర్గాలు సగం సగంగా ఉంటే అదే 74 శాతం చెప్పుకోదగ్గ ఫలితం అయ్యేది.

ఇక డేటాను రెండు భాగాలుగా విడదీయడం ఎందుకో ఆలోచించవలసి ఉన్నది. సమీప పొరుగువారి పద్ధతి అని ఒక సులభమైన మోడల్ ఉన్నది: కొత్త మనిషి వివరాలు ఇస్తే, పట్టికలో ఆ వివరాలకు అందరికన్నా దగ్గరగా ఉన్న ఒక్క మనిషిని వెతికి, ఆ మనిషి లేబుల్‌నే కొత్త మనిషికీ అంటగట్టడం దాని తీరు. ఆ మోడల్‌కు 583 వరసలూ ఇచ్చి, తిరిగి అవే 583 వరసల మీద పరీక్ష పెడితే, ప్రతి మనిషికీ అందరికన్నా దగ్గరి పొరుగు తానే కాబట్టి దాదాపు నూటికి నూరు వస్తుంది. మోడల్ కాలేయ వ్యాధి గురించి ఏమి గ్రహించిందో ఆ అంకె చెప్పదు. అచ్చు పుస్తకంలోని లెక్కలనే పరీక్షలో ఇస్తే వచ్చే మార్కుల వంటిదది. అందుకే డేటాలో ఒక భాగాన్ని మోడల్ కంట పడకుండా పక్కన పెట్టి, మిగిలిన దాని మీద మాత్రమే దానికి శిక్షణ ఇచ్చి, పక్కన పెట్టిన భాగం మీద పరీక్షించాలి. శిక్షణకు వాడిన భాగాన్ని ట్రైనింగ్ సెట్ అనీ, దాచిన భాగాన్ని టెస్ట్ సెట్ అనీ పిలుస్తారు. నూటికి ఇరవై వంతులు దాచడం వాడుకలో ఉన్న నిష్పత్తి; 583 వరసల్లో అది 117 అవుతుంది, శిక్షణకు 466 మిగులుతాయి. విడదీసేటప్పుడు రెండు భాగాల్లోనూ రోగుల నిష్పత్తి ఒకేలా ఉండేట్టు చూడటం మంచిది. దీన్ని స్ట్రాటిఫై చేయడం అంటారు. అలా చేస్తే టెస్ట్ సెట్‌లోని 117 మందిలో 83 మంది రోగులు, 34 మంది కాని వారు వస్తారు.

విడదీయాలన్న సంగతి దాదాపు ప్రతి విద్యార్థికీ తెలుసు. పొరపాటు జరిగేది విడదీయడంలో కాదు, ఎప్పుడు విడదీశారన్న దానిలో. ఈ లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం ఇదే కాబట్టి దీని దగ్గర కొంతసేపు నిలవడం అవసరం.

రోగులు 416, కాని వారు 167 కావడంతో మోడల్ ఎక్కువ మందిని రోగుల వైపే నెట్టివేస్తుంది. ఈ అసమతూకాన్ని సరిచేయడానికి తక్కువగా ఉన్న వర్గాన్ని పెంచాలని పాఠాల్లో చెబుతారు, విద్యార్థి కూడా అదే చేస్తాడు: కాని వారి 167 వరసల్లోంచి యాదృచ్ఛికంగా తీసిన 249 నకళ్లను పట్టికకు కలుపుతాడు. దీన్ని ఓవర్‌శాంప్లింగ్ అంటారు. ఇప్పుడు రెండు వర్గాలూ 416 చొప్పున సమానమై, పట్టికలో 832 వరసలవుతాయి. ఆ తరువాత విద్యార్థి ఈ 832 వరసల్లోంచి ఇరవై శాతాన్ని, అంటే 167 వరసలను టెస్ట్ సెట్‌గా పక్కన పెడతాడు. చూడటానికి విభజన జరిగింది, కాని దాచినది దాగలేదు. ఒకే మనిషి వరస ఒక ప్రతి శిక్షణలోనూ, మరో ప్రతి పరీక్షలోనూ చేరింది. సంభావ్యత లెక్క వేస్తే, టెస్ట్ సెట్‌లోకి వచ్చిన ‘కాని వారి’ వరసల్లో నూటికి ఎనభైకి పైగా వరసలకు అచ్చంగా అలాంటి కవల వరస ట్రైనింగ్ సెట్‌లో ఉంటుంది. సుమారు 83 మందిలో 70 మందిని మోడల్ ముందే చూసి ఉన్నదన్నమాట. చూసిన వరసలను దాదాపు యథాతథంగా గుర్తుంచుకోగల రాండమ్ ఫారెస్ట్ వంటి మోడల్‌కు, అంటే అనేక నిర్ణయ వృక్షాలను పెంచి వాటి ఓటు ప్రకారం నడిచే మోడల్‌కు, ఆ 70 మంది విషయంలో తప్పు చేయడమే కష్టం. అక్యురసీ ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది, విద్యార్థి సంతోషిస్తాడు, నివేదికలో ‘సమతూకం చేయడం వల్ల ఫలితం మెరుగైనది’ అన్న వాక్యం చేరుతుంది. ఇందులో మోసం చేయాలన్న తలంపు లేదు. కాని ఫలితం మాత్రం నిజం కాదు. టెస్ట్ సెట్ సమాచారం ఇలా శిక్షణలోకి కారిపోవడాన్ని డేటా లీకేజీ అంటారు.

అచ్చమైన నకళ్లకు బదులు రెండు సమీప వరసల మధ్య కొత్త వరసలను కల్పించే స్మోట్ అనే పద్ధతిని వాడినా, విభజనకు ముందు వాడితే చిక్కు తప్పదు. కవలలకు బదులు దగ్గరి బంధువులు అటూ ఇటూ చేరతారు, అంతే తేడా.

ఈ పొరపాటును పట్టుకోవడానికి ఆచార్యులకు విద్యార్థి ప్రోగ్రామ్ కూడా అక్కరలేదు. సరైన ఊహలు, తప్పు ఊహలు వర్గాలవారీగా చూపే నాలుగు గడుల పట్టిక, అంటే కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్, దాదాపు ప్రతి నివేదికలోనూ ఉంటుంది. ఆ నాలుగు గడుల్లోని అంకెలను కూడితే టెస్ట్ సెట్ పరిమాణం తేలుతుంది. 583 వరసల డేటాలో ఇరవై శాతం దాచామని రాసిన నివేదికలో ఆ కూడిక 117 రావాలి. 167 వచ్చిందంటే విభజన 832 వరసల మీద జరిగింది, అంటే పెంచిన తరువాతే విడదీశారు. రెండు అడ్డువరసల మొత్తాలు 83, 34కు బదులు ఇంచుమించు సమానంగా ఉన్నా సూచన అదే. అర నిమిషం పట్టే ఈ కూడిక, ప్రదర్శనలో పావుగంట చూసిన రంగుల పటాల కన్నా ఎక్కువ చెబుతుంది.

లీకేజీకి చిన్న దారులు మరికొన్ని ఉన్నాయి. ఈ పట్టికలో 13 వరసలు అంతకుముందు వచ్చిన వరసలకు అక్షరాలా నకళ్లు. వాటిని తీసివేయకుండా విడదీస్తే, ఓవర్‌శాంప్లింగ్ చేయకపోయినా కొన్ని జంటలు అటూ ఇటూ చేరవచ్చు. తీసివేస్తే 570 వరసలు మిగులుతాయి, టెస్ట్ సెట్ 114 అవుతుంది. లెక్కల పోలిక సులువుగా ఉండటానికి ఈ లేఖ 583నే పట్టుకుని సాగుతున్నది గాని, విద్యార్థి చేయవలసినది తీసివేతే. ఆల్బుమిన్ గ్లోబ్యులిన్ నిష్పత్తి కాలమ్‌లో 4 వరసల్లో విలువ లేదు. ఆ ఖాళీలను సగటుతో నింపేటప్పుడు ఆ సగటును ట్రైనింగ్ సెట్ నుంచి మాత్రమే తీయాలి. నాలుగు ఖాళీల వల్ల ఫలితం కదలదన్నది నిజమే, కాని ఖాళీలు నాలుగు వందలు ఉన్న డేటా చేతికి వచ్చిన రోజున ఇప్పటి అలవాటే పనికి వస్తుంది. క్రమం సరిగ్గా ఉన్నప్పుడు ప్రోగ్రామ్‌లోని ప్రధాన భాగం ఇలా ఉంటుంది. ఇందులో `X` పది కాలమ్‌ల పట్టిక, `y` లేబుల్ కాలమ్, స్త్రీ పురుష భేదాన్ని అప్పటికే అంకెలుగా మార్చి, నకళ్లను తొలగించి ఉంచారని అనుకోవాలి.

```python
X_train, X_test, y_train, y_test = train_test_split(
    X, y, test_size=0.2, stratify=y, random_state=42)

base = DummyClassifier(strategy="most_frequent")
model = make_pipeline(SimpleImputer(), StandardScaler(),
                      LogisticRegression(class_weight="balanced"))

base.fit(X_train, y_train)
model.fit(X_train, y_train)
```

మొదటి పని విభజన. మిగిలినవన్నీ దాని తరువాతే. `DummyClassifier` పైన చెప్పిన ఏమీ నేర్చుకోని యంత్రం. `make_pipeline` ఖాళీలు నింపడం, కొలతలను ఒకే స్థాయికి తేవడం, శిక్షణ అనే మూడింటినీ ఒకే గొలుసుగా కడుతుంది కాబట్టి సగటులన్నీ ట్రైనింగ్ సెట్ నుంచే వస్తాయి. `class_weight="balanced"` తక్కువ మంది ఉన్న వర్గంలో జరిగే తప్పుకు ఎక్కువ బరువు ఇస్తుంది. నకళ్లు కలపకుండానే సమతూకం తెచ్చే ఉపాయమిది.

క్రమం తప్పని పనికి వచ్చే ఫలితాన్ని ఎలా చదవాలో ఇప్పుడు చూడవచ్చు. వివరణ కోసం ఒక విద్యార్థి మోడల్, వర్గాల బరువులను మార్చని మామూలు మోడల్, 117 మంది టెస్ట్ సెట్ మీద ఈ విధంగా పనిచేసిందని అనుకుందాం: 83 మంది రోగుల్లో 74 మందిని రోగులుగా గుర్తించి 9 మందిని వదిలేసింది, 34 మంది కాని వారిలో 13 మందిని సరిగ్గా విడిచిపెట్టి 21 మందిని రోగులని పొరబడింది. సరైన ఊహలు 74, 13 కలిపి 87. 117లో అది 74.4 శాతం. అదే టెస్ట్ సెట్ మీద అందరినీ రోగులనే యంత్రానికి 83 సరైన ఊహలు, అంటే 70.9 శాతం వస్తాయి. రెండింటికీ తేడా నలుగురు మనుషులు. శాతాల్లో మూడున్నర పాయింట్ల మెరుగుదలగా కనిపించేది, మనుషుల్లో నలుగురని తెలిసినప్పుడు దాని బరువు సరిగ్గా అర్థమవుతుంది. ఇంత చిన్న టెస్ట్ సెట్ ఉన్నప్పుడు శాతంతోపాటు మనుషుల సంఖ్యనూ రాయించడం అందుకే మంచిది.

ఆ 74.4 శాతం తన కడుపులో రెండు వేర్వేరు అంకెలను దాచుకున్నది. రోగుల్లో గుర్తించినవారి వంతును సెన్సిటివిటీ అంటారు, అది 83లో 74, అంటే 89 శాతం. రోగం లేనివారిలో సరిగ్గా విడిచిపెట్టినవారి వంతును స్పెసిఫిసిటీ అంటారు, అది 34లో 13, అంటే 38 శాతం. మొదటి అంకె చూస్తే మోడల్ చురుకైనదనిపిస్తుంది, రెండో అంకె చూస్తే రోగం లేని ప్రతి అయిదుగురిలో ముగ్గురిని అది రోగులుగా ముద్ర వేస్తున్నదని తెలుస్తుంది. రెండింటి సగటు 64 శాతం. ఏమీ నేర్చుకోని యంత్రానికి ఈ సగటు 50 కాబట్టి, మోడల్ కొంత నేర్చుకున్నదనీ, నేర్చుకున్నది కొంతేననీ ఈ సగటు అక్యురసీ కన్నా నిజాయితీగా చెబుతుంది. అక్యురసీ ఈ రెండు వర్గాలను వాటి జనసంఖ్య చొప్పున కలిపేస్తుంది గనుక 34 మంది పడే ఇబ్బంది 83 మంది చాటున మరుగున పడిపోతుంది.

ఈ అంకెలు కూడా ఎంతవరకు నమ్మదగినవన్నది తరువాతి ప్రశ్న. టెస్ట్ సెట్ 117 మందితో ఉన్నది; మరో 117 మంది వచ్చి ఉంటే అంకె వేరుగా ఉండేది. ఎంత వేరుగా ఉండవచ్చునో చెప్పే కొలతను స్టాండర్డ్ ఎర్రర్ అంటారు. సరైన ఊహల వంతును, తప్పు ఊహల వంతుతో గుణించి, మనుషుల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తే అది వస్తుంది. 0.744ను 0.256తో గుణించి 117తో భాగిస్తే వర్గమూలం సుమారు 0.04, అంటే నాలుగు పాయింట్లు. దానికి ఇంచుమించు రెట్టింపును అటూ ఇటూ వేస్తే 95 శాతం విశ్వాస పరిధి వస్తుంది: 66 నుంచి 82 దాకా. బేస్‌లైన్ అయిన 71 ఈ పరిధిలోనే ఉన్నది. కాబట్టి ఈ ఒక్క పరీక్ష ఆధారంగా అక్యురసీలో మోడల్ బేస్‌లైన్‌ను మించిందని గట్టిగా చెప్పడానికి వీలు లేదు. స్పెసిఫిసిటీ 34 మంది మీద ఆధారపడినది కాబట్టి దాని పరిధి మరీ వెడల్పు, 22 నుంచి 55 దాకా. విద్యార్థి నివేదికలో 74.36 అని రెండు దశాంశ స్థానాల వరకు రాసి, పక్క మోడల్‌కు 73.50 వచ్చింది కాబట్టి ఇదే మేలైనదని తేల్చినప్పుడు, ఆ రెండింటి మధ్య ఉన్నది ఒకే ఒక మనిషి అని ఆచార్యులు గుర్తు చేయవలసి ఉన్నది.

నాలుగు పాయింట్ల ఈ ఊగిసలాట వల్ల మరో ప్రలోభం పుడుతుంది. విభజన యాదృచ్ఛికంగా జరుగుతుంది, ఆ యాదృచ్ఛికతకు మొదలు పైన కోడ్‌లో కనిపించే `random_state` అంకె. ఆ అంకెను 42 నుంచి 43కు మార్చితే వేరే 117 మంది టెస్ట్ సెట్‌లోకి వస్తారు, అక్యురసీ మారుతుంది. యాభై అంకెలు వేసి చూసి అన్నిటికన్నా పెద్ద ఫలితం వచ్చిన దాన్ని నివేదికలో పెడితే, మోడల్ ఏమాత్రం మారకుండానే సగటు కన్నా ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపించవచ్చు. ఇది లీకేజీ కన్నా సూక్ష్మమైన తప్పు, ఎందుకంటే ప్రోగ్రామ్‌లో ఎక్కడా దోషం ఉండదు. చేసిన ప్రయత్నాల్లో నలభై తొమ్మిదింటిని చెప్పకపోవడమే దోషం. టెస్ట్ సెట్ మీద ఫలితం చూసి మోడల్‌ను సవరించి, మళ్లీ అదే టెస్ట్ సెట్ మీద చూసి, మళ్లీ సవరించడం కూడా ఈ కోవలోనిదే; పదిసార్లు తెరిచి చూసిన ప్రశ్నపత్రం పరీక్షగా మిగలదు. మోడల్‌ను ఎంచుకోవడానికీ, సవరించడానికీ 466 మంది ట్రైనింగ్ సెట్‌ను అయిదు భాగాలు చేసి, నాలుగింటి మీద శిక్షణ, అయిదో దాని మీద పరీక్ష చొప్పున అయిదుసార్లు తిప్పే పద్ధతి ఉన్నది. దాన్ని క్రాస్ వాలిడేషన్ అంటారు. ఎంపికలన్నీ అక్కడ ముగించి, టెస్ట్ సెట్‌ను చివర ఒక్కసారి తెరవాలి, వచ్చినది ఎంతైనా దాన్నే రాయాలి. ఓవర్‌శాంప్లింగ్ చేయదలచుకుంటే అదీ ఈ అయిదు మార్లలో శిక్షణకు వచ్చిన నాలుగు భాగాల లోపలే జరగాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఆ ఫలితం ఎవరికి వర్తిస్తుందన్న ప్రశ్న మిగిలి ఉంటుంది, తొలి నివేదికల్లో అన్నిటికన్నా తక్కువగా కనిపించేది కూడా ఇదే. ఈ డేటాలో నూటికి డెబ్బై ఒక్కరు రోగులు. ఏ ఊరి జనాభాలోనూ కాలేయ రోగులు ఆ నిష్పత్తిలో ఉండరు. పైన చెప్పిన మోడల్ రోగులని చెప్పిన 95 మందిలో 74 మంది నిజంగా రోగులు, అంటే దాని మాట 78 శాతం సార్లు నిజమైంది. ఈ వంతును ప్రెసిషన్ అంటారు. అదే మోడల్‌ను వెయ్యి మంది వచ్చిన ఒక ఆరోగ్య శిబిరానికి తీసుకువెళ్లి, వారిలో 50 మందికి మాత్రమే కాలేయ వ్యాధి ఉన్నదని అనుకుంటే, సెన్సిటివిటీ ప్రకారం సుమారు 45 మందిని అది పట్టుకుంటుంది, కాని స్పెసిఫిసిటీ 38 శాతమే కావడం వల్ల వ్యాధి లేని 950 మందిలో దాదాపు 587 మందిని కూడా రోగులంటుంది. దాని మాట నిజమయ్యేది ఇప్పుడు నూటికి ఏడుసార్లు. మోడల్ మారలేదు, సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ కూడా మారలేదని అనుకున్నాం. మారినది వచ్చినవారి కూర్పు మాత్రమే. అందువల్ల ‘ఈ మోడల్‌ను గ్రామీణ ప్రాంతాల్లో కాలేయ వ్యాధిని ముందుగా గుర్తించడానికి ఉపయోగించవచ్చు’ అన్న వాక్యం నివేదిక చివర కనిపించినప్పుడు, దానికి ఆధారమేమిటని ఆచార్యులు తప్పక అడగవలసి ఉన్నది.

ఈ పట్టికలో పురుషులు 441 మంది, స్త్రీలు 142 మంది. 117 మంది టెస్ట్ సెట్‌లోకి స్త్రీలు సుమారు 28 మంది వస్తారు, వారిలో రోగం లేనివారు పదిమందే. ఆ పదిమందిలో ఒక్కరి విషయంలో ఊహ మారితే స్త్రీల స్పెసిఫిసిటీ పది పాయింట్లు మారుతుంది, కాబట్టి మోడల్ స్త్రీలకు ఎలా పనిచేస్తున్నదో ఈ టెస్ట్ సెట్ నుంచి తేల్చడం అసాధ్యం. 2022లో ఇసబెల్ స్ట్రా, హోంగ్‌హాన్ వూ అనే పరిశోధకులు ఇదే డేటాసెట్ మీద మోడల్‌లను స్త్రీ పురుషులకు విడివిడిగా పరీక్షించి, రోగం ఉన్న స్త్రీలను గుర్తించకుండా వదిలేయడం పురుషుల కన్నా ఎక్కువగా జరుగుతున్నదని ప్రకటించారు. మొత్తం మీద లెక్కించిన ఒకే అక్యురసీ అంకెను చూస్తూ ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

పైన తీసుకున్న ఉదాహరణకు నిజాయితీగల ఫలితాల పేరా ఎలా ఉంటుందో ఇక్కడ రాసి చూపడం ఉపయుక్తం:

‘583 వరసలను ఏ మార్పూ చేయకముందే 466, 117గా స్ట్రాటిఫై చేసి విడదీశాం. మోడల్ ఎంపిక అంతా 466 వరసల మీద అయిదు భాగాల క్రాస్ వాలిడేషన్‌తో జరిగింది. నాలుగు రకాల మోడల్‌లను ప్రయత్నించాం. టెస్ట్ సెట్‌ను చివర ఒక్కసారి మాత్రమే వాడాం. 117 మందిలో 87 మంది విషయంలో ఊహ సరైనది, అంటే 74 శాతం. 95 శాతం విశ్వాస పరిధి 66 నుంచి 82. అందరినీ రోగులని చెప్పే బేస్‌లైన్‌కు 83 సరైన ఊహలు వస్తాయి కాబట్టి అక్యురసీలో స్పష్టమైన ఆధిక్యం నిరూపితం కాలేదు. రోగుల్లో 83కు 74 మందిని, కాని వారిలో 34కు 13 మందిని సరిగ్గా గుర్తించింది. డేటాలో రోగుల నిష్పత్తి అసాధారణంగా ఎక్కువ కావడం వల్ల, స్త్రీల సంఖ్య తక్కువ కావడం వల్ల ఈ ఫలితాన్ని సాధారణ జనాభాకు వర్తింపజేయలేం.’

ఈ పేరాలో గొప్ప అంకె ఏదీ లేదు. ‘నిరూపితం కాలేదు’, ‘వర్తింపజేయలేం’ అనే మాటలు ఉన్నాయి. ఇది రాసిన విద్యార్థికి విభజన క్రమం తెలుసు, బేస్‌లైన్ తెలుసు, తన కొలత ఎంత వదులైనదో తెలుసు, తన మోడల్ ఎక్కడ విఫలమైందో తెలుసు. వీటిలో ఏదీ ‘అక్యురసీ 95.21 శాతం’ అన్న ఒంటరి వాక్యం నుంచి తెలియదు. అయినా రెండు నివేదికలూ పక్కపక్కన వచ్చినప్పుడు రెండో దానికే ఎక్కువ మార్కులు పడితే, మొదటి విద్యార్థి వచ్చే ఏడాది తన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పేది ఏమిటో ఊహించడం కష్టం కాదు. విద్యార్థులు లీకేజీని కోరి తెచ్చుకోవడం లేదు. పెద్ద అంకె వచ్చేదాకా ప్రయత్నించి, వచ్చిన చోట ఆగుతున్నారు. పెద్ద అంకె వచ్చినప్పుడే అనుమానించాలన్న శిక్షణ వారికి మౌఖిక పరీక్ష గదిలో తప్ప మరెక్కడా దొరికే అవకాశం లేదు.

అందువల్ల ఈ లేఖ ఆచార్యులను కోరుతున్నది స్వల్పమే. మూల్యాంకన పత్రంలో ‘సాధించిన అక్యురసీ’ అనే గడి ఉన్న చోట దాన్ని తీసివేసి, దాని స్థానంలో ‘బేస్‌లైన్ ఎంత, టెస్ట్ సెట్‌లో ఎందరు, విభజన ఏ దశలో జరిగింది, టెస్ట్ సెట్‌ను ఎన్నిసార్లు వాడారు’ అనే నాలుగు గడులు పెట్టాలి. పత్రం మార్చే అధికారం విభాగం చేతిలో లేని కళాశాలల్లో, కనీసం మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్నగా శాతాన్ని కాక, కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్‌లోని నాలుగు అంకెల మొత్తం ఎంతో విద్యార్థి చేతనే కూడించి, అది ఎందుకు అంత వచ్చిందో అడగాలి.

ఇట్లు,
ఒక తోటి అధ్యాపకుడు